మిగులు 60,000 అంటే, బ్యాంకులో డబ్బేదీ అంటారు: ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. ట్రెజరర్‌గా వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగ్‌లో లెక్క చెప్పాలి.

నెలకు ఫ్లాటుకు 2,500 చొప్పున ఏడాదికి 18 లక్షలు రావాలి. ఖర్చు 17,40,000. ఆడిటర్‌గారు రావాల్సిన మెయింటెనెన్స్ మొత్తాన్నీ ఆదాయంగానే రాశారు కాబట్టి కాగితం మీద 60,000 మిగులు. కానీ 6 ఫ్లాట్లవాళ్లు ఏడాదంతా కట్టలేదు. ఆ 1,80,000 చేతికి రాలేదు. నిజానికి 1,20,000 తక్కువపడి కార్పస్ ఫండ్ నుంచి తీశాం. రెండు లెక్కలూ సరైనవే, అదే చిక్కు. కాగితం చూసినవాళ్లకు పాస్‌బుక్ చూపిస్తే తినేశారనుకుంటారేమోనని నా భయం.

ఖర్చు పెరిగింది నీళ్ల దగ్గరే. వేసవిలో బోరు ఎండిపోయి 90 రోజులు రోజుకు 4 ట్యాంకర్లు తెప్పించాం. ఒక్కోటి 800, మొత్తం 2,88,000. నిరుడు లక్షతో సరిపోయింది. ప్రతి ట్యాంకరుకూ వాచ్‌మన్ సంతకంతో రసీదుంది.

ముందు పాస్‌బుక్ నిల్వతో మొదలుపెట్టి, వసూలైంది, ఖర్చయింది చెప్పి, బకాయిల్ని చివర కలిపి ఆ 60,000కి రావాలనుకుంటున్నాను. ఈ వరుస పెద్దవాళ్లకు అర్థమవుతుందా? బకాయి ఫ్లాట్ల నంబర్లు సభలో చదవాలా, మొత్తం మాత్రమే చెప్పాలా? అందులో ఒకాయన ఉద్యోగం పోయి ఇబ్బందుల్లో ఉన్నారు, ఆయన్ని నలుగురిలో నిలబెట్టడం నాకిష్టం లేదు. ఇలాంటి లెక్క చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.