గ్రాఫ్‌లో రెండు గీతలు విడిపోయే చోటు ఫోన్‌లో ఎలా చెప్పాలి?

భీమవరం దగ్గర రొయ్యల రైతులకి వారం వారం ఫోన్ కాన్ఫరెన్స్‌లో చెరువు రీడింగులు చెప్తాను, స్లైడ్ ఎవరికీ కనపడదు. ఈసారి రెండు చెరువుల్లో రాత్రి ఆక్సిజన్ లైన్ చార్ట్. సాయంత్రం 6కి రెండూ 7.5 పీపీఎం, రాత్రి 10 దాకా కలిసే దిగి 5.5కి వచ్చాయి. అప్పుడు మొదటి చెరువులో ఏరియేటర్లు వేశాం, గీత వాలు తగ్గి తెల్లారి 5కి 4.2 దగ్గర ఆగింది. రెండోదాంట్లో 2 గంటలకి గానీ వెయ్యలేదు, అప్పటికే 3.4, తెల్లారి 5కి 2.9.

ముందు గంట గంటకీ నంబర్లు చదివా, నాలుగోదానికే అంతా సైలెంట్. తర్వాత అంకెలు మానేసి "రెండూ తగ్గాయి, రెండోది ఎక్కువ తగ్గింది" అన్నా, దానికి ఒకాయన "రాత్రి ఎలాగూ తగ్గుద్ది కదండీ, తేడా ఏముంది" అన్నారు, నిజమే మరి, 10 గంటలకి గీతలు విడిపోయాయన్న అసలు ముక్క నా మాటల్లో లేనేలేదు. మూడోసారి ఒక చెరువు కథ మొత్తం చెప్పి రెండోది మొదలెట్టా, ఈలోపు మొదటిది మర్చిపోయారు.

ఇలా కలిసొచ్చి విడిపోయే గీతల్ని విడిపోయిన టైమ్ నుంచే మొదలెట్టి చెప్పాలా, లేక తెల్లారి తేడా ముందు చెప్పి వెనక్కి రావాలా, మీకు ఏది పనిచేసింది?