అప్‌డేట్: అమ్మమ్మ కుట్టుమిషన్ మోడల్ దొరికింది

నా ప్రశ్న: "సింగర్ అని ఇత్తడి బిళ్ల ఉంది. మోడల్ ఎలా కనుక్కోవాలి?"

విజయనగరం గంటస్తంభం దగ్గర మిషన్లు బాగుచేసే తాతగారికి చూపించాను. "బిళ్లదేముందమ్మా, ఎవరైనా మార్చేస్తారు" అని నవ్వారు.

బాబిన్ కేసు సూదికి ఎడమన నిలువుగా ఉంది, టెన్షన్ డయల్ కూడా ఎడమ చివరి మూత మీదే. అంటే సింగర్ 15 రకం. కానీ ఈ ఆకారాన్ని చాలా కంపెనీలు కాపీ కొట్టాయి. అందుకే మిషన్ అడుగుపలక కుడి చివర జిడ్డుని నూనె గుడ్డతో మెల్లగా తుడిచాం (గట్టిగా రుద్దితే బంగారు పూలు పోతాయి). ఇ.ఎఫ్. అనే అక్షరాలతో నంబరు బయటపడింది! ఆ అక్షరాల్ని బట్టి ఇది సింగర్ వాళ్ల స్కాట్లాండ్ క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీదే.

కుట్టు పొడవు మార్చడానికి పాతవాటిలో స్క్రూ మాత్రమే ఉంటుంది. దీనికి లివర్ ఉంది, పైకెత్తితే వెనక్కి కుడుతుంది. కాబట్టి బహుశా 15కె80 మోడల్.