జీతం రోజే ఆర్‌డీకి డబ్బు వెళ్లట్లేదు, ఏం చేయాలి?

విజయనగరం కుర్రాడు: రాత్రంతా యాప్‌తో కుస్తీ పడ్డాను. జీతం రాగానే 6,000 ఆర్‌డీలోకి పోవాలని ఆటో డెబిట్ పెట్టా. రెండు నెలలుగా ఫెయిలే. డబ్బు అకౌంట్లోనే ఉంటోంది, చివరికి ఖర్చయిపోతోంది. ఎవరైనా చెప్పండి బాబూ!

పాత క్లర్క్: తేదీ మార్చు.

సిరి: ఆదివారం పడిందేమో, సెలవు రోజు బ్యాంకు డబ్బు పంపదు కదా.

రమణమూర్తి: ఇంతకీ ఆర్‌డీ ఎందుకండీ? వడ్డీ మీద పన్ను కట్టాలి. నేను నెలనెలా కాస్త బంగారం...

పాత క్లర్క్: బంగారం సంగతి తర్వాత. జీతం ఏ తేదీన, ఎన్ని గంటలకు పడుతుంది? ఆర్‌డీ అదే బ్యాంకులోనా?

విజయనగరం కుర్రాడు: అదే బ్యాంకు. జీతం ఒకటినే. మధ్యాహ్నం మెసేజ్ వస్తుంది. ఆర్‌డీ వాయిదా కూడా ఒకటినే పెట్టా.

పాత క్లర్క్: అదే గొడవ. నువ్వు పెట్టిన ఆటో డెబిట్, అంటే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, చాలా బ్యాంకుల్లో తెల్లవారుజామునే నడుస్తుంది. అప్పటికి నీ ఖాతాలో ముప్పయ్యో తేదీ మిగిలిన చిల్లరే ఉంటుంది. మధ్యాహ్నం 42,000 పడ్డా, కొన్ని బ్యాంకులు ఆ రోజు మళ్లీ ప్రయత్నించవు. స్టేట్‌మెంట్‌లో ఫెయిలైన సమయం, జీతం పడిన సమయం పక్కపక్కన చూడు.

సిరి గారూ, జీతాలు, వాయిదాలు బ్యాంకుల మధ్య పంపే నాచ్ 2021 ఆగస్టు నుంచి అన్ని రోజులూ నడుస్తోంది. కానీ కంపెనీ అకౌంట్స్ వాళ్లు ఆదివారం ఫైలు పంపకపోతే జీతం సోమవారమే. అందుకే మూడో తేదీ, ఇంకా నమ్మకం కావాలంటే ఐదు.

సిరి: ఇది నాచా, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షనా? నాచ్ అయితే తిరిగొస్తే చార్జీ పడుతుంది.

పాత క్లర్క్: ఒకే బ్యాంకులో ఖాతా నుంచి ఆర్‌డీకి నాచ్ ఎందుకమ్మా? మ్యూచువల్ ఫండ్ సిప్‌కైతే నాచ్ మాండేట్ ఉంటుంది, అక్కడ మీ మాట నిజమే, చార్జీకి పైన జీఎస్‌టీ కూడా.

విజయనగరం కుర్రాడు: ఆర్‌డీ తేదీ మార్చే బటన్ యాప్‌లో లేదు!

పాత క్లర్క్: చాలాచోట్ల ఉండదు. ఆర్‌డీ తెరిచిన తేదీనే వాయిదా తేదీ అయి ఉంటుంది. రెండు దారులు. ఈ నెల జీతం పడగానే ఆగిపోయిన వాయిదాలు చేత్తో కట్టు, ఇంకో 6,000 ఖాతాలోనే వదిలెయ్. వచ్చే ఒకటిన తెల్లవారుజామున అది పోతుంది, మధ్యాహ్నం జీతంలోంచి మళ్లీ 6,000 పక్కన పెడతావు. కానీ నీ చేతిలో అది నిలుస్తుందా? నిలవదనుకుంటే దీన్ని మూసేసి, ఐదున కొత్తది తెరువు. ముందే మూస్తే వడ్డీ కొంత తగ్గుతుంది, లెక్క అడుగు.

సిరి: పోస్టాఫీసులో తేలిక, పదిహేనులోపు తెరిస్తే ప్రతినెలా పదిహేనులోపు కడితే చాలు.

రమణమూర్తి: పోస్టాఫీసు కంటే చీటీ...

విజయనగరం కుర్రాడు: స్టేట్‌మెంట్ చూశా. ఫెయిల్ తెల్లవారుజామున 4:12కి, జీతం మధ్యాహ్నం 1:40కి. థాంక్సండీ. మూసేయాలా వద్దా రేపు బ్రాంచిలో అడుగుతా.