చాట్‌లో జవాబు టైపవుతున్నంతసేపూ స్టార్లు, గీతలు కనిపిస్తున్నాయి, రాయించే తీరు మారిస్తే పోతాయా?

ఆటోనగర్_కుర్రాడు (విజయవాడ)

మాది లారీ స్పేర్ పార్ట్స్ షాపు. ఈమధ్య మా సైట్‌లో ఏఐ చాట్ పెట్టించాం, కస్టమర్ అడిగితే జవాబు మాట వెనక మాటగా వస్తుంది, చూడ్డానికి బానే ఉంటుంది కానీ వచ్చేటప్పుడు మధ్యలో `**` గుర్తులు బయటికి కనిపిస్తాయి, ఇంకోసారి మొదటి లైను ఉన్నట్టుండి పెద్ద అక్షరాల్లోకి మారి మళ్లీ చిన్నదైపోతుంది. జవాబు పూర్తయ్యాక చూస్తే ఏమీ ఉండదు, అంతా శుభ్రం. పోయినవారం గన్నవరం నుంచి ఒకాయన ఫోన్ చేసి "మీ సైట్‌కి వైరస్ పట్టిందా అబ్బాయ్" అన్నాడు. చాట్ విండో బయటివాళ్ల దగ్గర తీసుకున్నది, దాని కోడ్ మా చేతిలో లేదు. ఏఐకి సూచనలు రాసే డబ్బా ఒక్కటే మా చేతిలో ఉంది. అందులో ఏం రాస్తే ఇది తగ్గుతుంది?

కోడ్_బెజవాడ

సింపుల్ బ్రో. `**` తెరుచుకుని ఇంకా మూసుకోలేదు కాబట్టి గుర్తులు కనిపిస్తున్నాయి. వచ్చిన ముక్క చివర మనమే ఇంకో `**` తగిలించి చూపిస్తే బోల్డ్ అయిపోతుంది. రెండు లైన్ల జావాస్క్రిప్ట్, టెన్షన్ పడాల్సిన పని లేదు.

బ్రోడీపేట_అకౌంట్స్ (గుంటూరు)

నాకూ ఇదే బాధ! జీఎస్టీ నోటీసుకి రిప్లై ఏఐతో రాయించుకుని క్లయింట్‌కి వాట్సాప్‌లో పంపితే ప్రతి హెడింగ్‌కీ అటు రెండు ఇటు రెండు స్టార్లు. ఒక్కోటీ చేత్తో చెరుపుకోవాల్సి వస్తోంది. దీనికి కూడా ఆ రెండు లైన్ల కోడ్ పనిచేస్తుందా అండి?

శిరీష_పటమట

బ్రోడీపేట గారూ, మీది వేరే సమస్య అండి. వాట్సాప్‌లో బోల్డ్‌కి ఒక్క స్టారే, అటొకటి ఇటొకటి. మీరు కాపీ చేసింది మార్క్‌డౌన్, అంటే గుర్తులతోనే బోల్డ్, హెడింగ్, లిస్టు రాసే పద్ధతి, అందులో రెండేసి. మీకు కావలసింది "ఏ గుర్తులూ లేకుండా మామూలు పేరాలుగా రాయి" అని ముందే చెప్పడం. ఇక్కడి గొడవ జవాబు సగం వచ్చినప్పుడు కనిపించేది.

కోడ్_బెజవాడ చెప్పింది సగమే కుదురుతుంది. "ముందు చక్రాల" దాకా వచ్చినప్పుడు చివర `**` పెడితే బోల్డ్ అవుతుంది, నిజమే. కానీ "ముందు" తర్వాత స్పేస్ వచ్చి ఆగిందనుకోండి, స్పేస్ పక్కన పెట్టిన `**` మూసే గుర్తుగా చెల్లదు, మళ్లీ స్టార్లు బయటపడతాయి, అంటే ప్రతి మాటకీ ఒకసారి మిణుక్కుమంటుంది. ముందు చివరి స్పేస్ తీసేసి ఆ తర్వాత తగిలించాలి. లింకు అయితే ఇంకా చిక్కు, `[రేట్లు](https://ma` దగ్గర మీరు బ్రాకెట్ మూసేస్తే సగం అడ్రస్‌తో నొక్కగలిగే లింకు తయారవుతుంది. ఇవన్నీ చూసుకునే లైబ్రరీలు వచ్చాయి, Streamdown అలాంటిదే. అయినా ఆయనకి కోడ్ చేతిలో లేదని మొదటి పోస్టులోనే చెప్పాడుగా.

కోడ్_బెజవాడ

ఓకే మేడం, స్పేస్ సంగతి తెలీదు. మరి పెద్ద అక్షరాలు ఎందుకొస్తున్నాయి? దానికీ స్టార్లకీ సంబంధం లేదు కదా.

శిరీష_పటమట

అదే అసలు విషయం, చాలామంది విండోలో బగ్ అనుకుంటారు. ఆటోనగర్ తమ్ముడూ, నీకు వచ్చే జవాబు ఇలా మొదలవుతోందా?

```
బ్రేక్ లైనింగ్ రెండు రకాలు ఉన్నాయి:
- **ముందు చక్రాలకి** వేరు
- **వెనక చక్రాలకి** వేరు
```

రెండో లైన్లో గీత ఒక్కటే వచ్చిన క్షణం ఊహించు:

```
బ్రేక్ లైనింగ్ రెండు రకాలు ఉన్నాయి:
-
```

మార్క్‌డౌన్‌లో హెడింగ్ రాయడానికి ఇంకో పాత పద్ధతి ఉంది, లైను కింద గీతలు గీస్తే పై లైను హెడింగ్ అవుతుంది. ఒక్క గీత ఉన్నా చాలు. కాబట్టి ఆ క్షణానికి పై లైను నిజంగానే హెడింగ్, విండో తప్పు చేయట్లేదు. గీత పక్కన స్పేస్ వచ్చినా ఇంకా హెడింగే. ఆ తర్వాత ఏదైనా అక్షరం వచ్చాకే అది బుల్లెట్ అని తేలుతుంది, అప్పుడు పై లైను మళ్లీ చిన్నదవుతుంది. నీకు కనిపించిన ఎగుడుదిగుడు ఇదే.

దీనికి మందు చాలా చిన్నది. లిస్టు మొదలయ్యే ముందు ఒక ఖాళీ లైను ఉండాలి. ఖాళీ లైను తర్వాత వచ్చిన గీత పై లైనుని అంటుకోదు, మహా అయితే ఒక ఖాళీ బుల్లెట్ చుక్క కనపడుతుంది.

ఆటోనగర్_కుర్రాడు (విజయవాడ)

అచ్చం ఇలాగే వస్తోంది మేడం, కోలన్ పెట్టి కింద వెంటనే గీత. మరి స్టార్ల సంగతి? ఇంగ్లీషులో అడిగితే అంతగా కనపడట్లేదు, తెలుగులో అడిగితే చాలాసేపు ఉంటున్నాయి. నా భ్రమా?

శిరీష_పటమట

భ్రమ కాదు. మోడల్ తెలుగు మాటని ఇంగ్లీషు మాట కంటే ఎక్కువ ముక్కలు చేసుకుని రాస్తుంది. అదే వాక్యం తెలుగులో రావడానికి ఎక్కువసేపు పడుతుంది, తెరుచుకున్న `**` అంతసేపూ మూసుకోకుండా వేలాడుతుంది. వాక్యం మొత్తాన్ని బోల్డ్ చేస్తే ఇంక చెప్పక్కర్లేదు. అందుకే బోల్డ్ పెడితే రెండు మూడు మాటలకి మించకూడదు, అది కూడా నిజంగా కళ్లపడాల్సిన పార్ట్ పేరుకో హెచ్చరికకో.

ఇంకో తేడా కూడా గమనించు. జవాబు పూర్తయ్యాక కూడా స్టార్లు అలాగే మిగిలితే అది స్ట్రీమింగ్, అంటే జవాబు ముక్కముక్కలుగా రావడం వల్ల వచ్చే గొడవ కాదు. తెలుగులో విభక్తి మాటకి అంటుకుంటుంది కదా, `**లైనింగ్**కి` బానే పనిచేస్తుంది. కానీ `**లైనింగ్ (ముందు)**కి` అని రాస్తే మూసే స్టార్లకి ముందు బ్రాకెట్, వెనక అక్షరం వచ్చాయి, అలాంటి చోట మార్క్‌డౌన్‌కి ప్రామాణిక నియమావళి అయిన CommonMark ప్రకారం అవి మూసే గుర్తులు కావు. ఎంతసేపు ఆగినా పోవు. బ్రాకెట్, కొటేషన్ బోల్డ్ బయట ఉండేలా చూసుకో.

యార్డ్_రేట్లు (గుంటూరు)

మేం మిర్చి యార్డు రేట్లు చెప్పే చాట్ నడుపుతున్నాం. తేజ, 334, బ్యాడిగి, ఆర్మూర్ అన్నిటికీ కనిష్ఠం, గరిష్ఠం, నిన్నటి రేటు టేబుల్‌లో ఇస్తాం. టేబుల్ వచ్చేటప్పుడు నిలువు గీతల చెత్త కనిపించి, టక్కున టేబుల్ అవుతుంది. రైతు ఫోన్లో చూస్తే భయపడతాడు. ఖాళీ లైన్ ఉంది మాకు, అయినా వస్తుంది.

శిరీష_పటమట

టేబుల్‌కి ఆ మందు పనిచేయదు అండి. మొదటి వరుస వచ్చినప్పుడు అది నిలువు గీతలున్న మామూలు లైను మాత్రమే. కింద `|---|---|` వరుసలో కాలమ్‌లకి సరిపడా గడులు వచ్చాకే పైది టేబుల్ తల అని తెలుస్తుంది. కాలమ్‌లు ఎన్ని ఎక్కువుంటే ఆ చెత్త అంతసేపు. రాసే తీరుతో దీన్ని తప్పించాలంటే టేబుల్ మానేయడమే, రకానికి ఒక లైను, "తేజ: కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత" అని. ఎక్కడ ఆగినా చదువుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ లైను ఉండాలి, లేకపోతే చాలా విండోల్లో అన్నీ కలిసి ఒకే పేరా అయిపోతాయి.

యార్డ్_రేట్లు (గుంటూరు)

రేట్లు పక్కపక్కన పోల్చుకోవాలి మేడం, లైన్లలో పెడితే కమిషన్ వ్యాపారులు ఒప్పుకోరు. ఆ రెండు సెకన్లు చెత్త కనపడినా నేను టేబులే ఉంచుతా.

లక్ష్మీపురం_టెస్టర్ (గుంటూరు)

యార్డ్ అన్నా, టేబుల్ ఉన్న జవాబుకి మాత్రం స్ట్రీమింగ్ ఆపేయొచ్చు, మొత్తం వచ్చాక ఒకేసారి చూపించు. మీ కోడ్ మీదేగా.

అందరికీ పనికొచ్చే చిట్కా ఒకటి చెప్తా. స్ట్రీమింగ్ వీడియో తీసి ఆపుతూ చూడక్కర్లేదు. పూర్తయిన జవాబు అసలు టెక్స్టు తీసుకుని spec.commonmark.org/dingus లో వేసి, చివర నుంచి బ్యాక్‌స్పేస్ కొడుతూ రండి. పక్కన కనిపించేదే కస్టమర్‌కి ఆ క్షణంలో కనిపించేది. ఆటోనగర్ జవాబు వేసి చూశా, గీత దగ్గరికి రాగానే పై లైను హెడింగ్ అయింది. టేబుల్‌కి మాత్రం అందులో కుదరదు, టేబుల్ అసలు CommonMark లో లేదు, వీఎస్ కోడ్ ప్రివ్యూలో చూసుకోవాలి.

ఆటోనగర్_కుర్రాడు (విజయవాడ)

డబ్బాలో ఇది పెట్టా, చూసి చెప్పండి:

```
మార్క్‌డౌన్ వాడొద్దు. బోల్డ్ వద్దు.
లిస్టులు వద్దు. టేబుల్స్ వద్దు.
```

శిరీష_పటమట

వద్దు వద్దు అని మాత్రమే చెప్తే ఏం చేయాలో దానికి తెలీదు, నాలుగు ప్రశ్నలు గడిచేసరికి పాత దారికి వస్తుంది. ఎలా రాయాలో చెప్పు. సూచనని కూడా గుర్తులు లేకుండా మామూలు వాక్యాల్లో రాయి, సూచన నిండా బుల్లెట్లుంటే జవాబు కూడా ఆ బాటే పడుతుంది. నేనైతే ఇలా రాస్తా:

```
షాపులో కౌంటర్ దగ్గర మనిషి చెప్పినట్టు చిన్న పేరాల్లో,
పూర్తి వాక్యాల్లో జవాబివ్వు. రెండు మూడు వస్తువులైతే
వాక్యంలోనే కలిపి చెప్పు. అంతకంటే ఎక్కువైతే ఖాళీ లైను
వదిలి లిస్టు మొదలుపెట్టు. బోల్డ్ అవసరమైతే పార్ట్ పేరుకి
మాత్రమే. లింకు జవాబు చివర విడి లైన్లో పూర్తి అడ్రస్‌గా ఇవ్వు.
జవాబు అక్షరం అక్షరంగా తెర మీద పడుతుంది, కాబట్టి
ఎక్కడ ఆగినా చదవగలిగేలా ఉండాలి.
```

చివరి వాక్యం తీసేయకు. కారణం చెప్తే మనం రాయని సందర్భాల్లో కూడా కాస్త జాగ్రత్తగా ఉంటుంది. కొలతలు మీ షాపులో ఎలా రాస్తారు?

ఆటోనగర్_కుర్రాడు (విజయవాడ)

10*20*5 అని రాస్తాం. ఎందుకు మేడం?

శిరీష_పటమట

అయితే ఇంకో లైను చేర్చు, కొలతల మధ్య × వాడమని. నువ్వు రాసినట్టే వస్తే రెండో స్టార్ రాగానే 20 వాలుగా మారి స్టార్లు రెండూ మాయమవుతాయి, కస్టమర్‌కి 10205 అని కనిపిస్తుంది. ఇది జవాబు పూర్తయ్యాక కూడా అలాగే ఉంటుంది.

కోడ్_బెజవాడ

అమ్మో, తప్పు సైజు పార్సిల్ వెళ్లిపోతుంది. 😂

ఆటోనగర్_కుర్రాడు (విజయవాడ)

నిన్న రాత్రి నుంచి కొత్త సూచన నడుస్తోంది. హెడింగ్ ఎగరడం పూర్తిగా ఆగింది. స్టార్లు ఎప్పుడైనా ఒకసారి పార్ట్ పేరు దగ్గర మెరుస్తున్నాయి, అంతే. కానీ ముందు నుంచి తెరిచి ఉన్న చాట్‌లలో ఇంకా పాత తీరే, కొత్తగా తెరిచినవాటిలోనే మారింది.

శిరీష_పటమట

అది మామూలే, ఆ చాట్‌లో పైన తను ఇచ్చిన పాత జవాబుల్ని చూసి అదే వరసలో రాస్తుంది. పాత చాట్ మూసి కొత్తది తెరవమని కస్టమర్‌కి చెప్పడం తప్ప నీ వైపు నుంచి చేయగలిగింది లేదు.

బ్రోడీపేట_అకౌంట్స్ (గుంటూరు)

నాకు "గుర్తులు లేకుండా పేరాలు" పనిచేసిందండి. సెక్షన్ నంబర్లకి మాత్రం ఇంకా స్టార్లు పెడుతోంది, ఎందుకో మరి.