ర్యాట్ ఉండగా ఏపీయూ ఎందుకు? హడ్సన్ నదిలో దిగిన ఎ320 గురించి ఒక వాదన

కొత్త రెక్కలు (ప్రశ్న): 2009లో న్యూయార్క్ దగ్గర హడ్సన్ నదిపై దిగిన ఎయిర్‌బస్ ఎ320 విమానంలో, పక్షులు తగిలిన కొద్ది సెకన్లకే కెప్టెన్ సల్లెన్‌బర్గర్ తోక భాగంలో ఉండే ఏపీయూ అనే చిన్న సహాయక ఇంజిన్‌ను స్టార్ట్ చేశారని చదివాను. ఇంజిన్లు రెండూ పోతే గాలికి తిరిగే ర్యాట్ దానంతటదే బయటికి వచ్చి కరెంటు ఇస్తుంది కదా. అలాంటప్పుడు ఆ పని నిజంగా అవసరమా, లేక తర్వాత గొప్పగా చెప్పుకున్న విషయమా?

ట్రిపుల్ఈ మూడో సంవత్సరం: నా ఉద్దేశంలో అవసరం లేదు. ర్యాట్‌కు ఇంధనం అక్కరలేదు, స్టార్టర్ మోటారు అక్కరలేదు, విమానం కదులుతున్నంత సేపు గాలి ఎలాగూ దొరుకుతుంది. పైగా రెండు నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉన్నాయి. అవి ఒంటరిగానే దాదాపు అరగంట అత్యవసర పరికరాలను నడపగలవని తయారీదారులే అంటారు. పక్షులు తగిలినప్పటి నుంచి నీటిని తాకే వరకు గడిచింది మూడున్నర నిమిషాలే కాబట్టి, ఏపీయూ లేకపోయినా విమానంలో కరెంటు పోయి ఉండేది కాదు.

హ్యాంగర్ మనిషి: నేను ఈ కుటుంబానికి చెందిన విమానాల మీద పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న మెయింటెనెన్స్ ఇంజినీరును. కరెంటు పూర్తిగా పోయి ఉండేది కాదన్న మాట నిజమే. అయితే ప్రశ్న కరెంటు ఉందా లేదా అన్నది కాదు, ఎంత ఉంది, దానితో ఏవి నడుస్తాయి అన్నది.

ఎ320లో ఒక్కో ఇంజిన్‌కు ఉన్న జనరేటర్ సామర్థ్యం 90 కేవీఏ, ఏపీయూ జనరేటర్ కూడా అంతే. ర్యాట్ వల్ల నడిచే అత్యవసర జనరేటర్ ఇచ్చేది 5 కేవీఏ. ఒక పెద్ద ఇంటి వెనక పెట్టుకునే చిన్న జనరేటర్ పాటి అది. పైగా ఈ విమానంలో ర్యాట్ నేరుగా కరెంటు పుట్టించదు. గాలికి తిరిగే రెక్కలు ఒక హైడ్రాలిక్ పంపును తిప్పుతాయి, ఆ పంపు బ్లూ అనే హైడ్రాలిక్ సిస్టమ్‌లో ఒత్తిడిని పెంచుతుంది, ఆ ఒత్తిడి ఒక హైడ్రాలిక్ మోటారును తిప్పుతుంది, ఆ మోటారు జనరేటర్‌ను తిప్పుతుంది. ఈ గొలుసు అంతా అందుకునే ఆ కొన్ని సెకన్లూ బ్యాటరీలే భారం మోయాలి. ఆ బ్యాటరీలు ఒక్కొక్కటి 23 ఆంపియర్ అవర్లు, 24 వోల్టులు. రెండింటినీ కలిపినా మన ఇళ్లలో ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కంటే తక్కువ శక్తే నిలవ ఉంటుంది.

ఇంకొక సవరణ కూడా చేయాలి. ఎ320లో ర్యాట్ దానంతటదే బయటికి వచ్చేది ఇంజిన్లు ఆగినందుకు కాదు. విమానంలో కరెంటు పంచే లైన్లయిన రెండు ప్రధాన ఏసీ బస్సులకూ కరెంటు అందకుండా పోయి, వేగం 100 నాట్లకు పైన ఉంటేనే వస్తుంది. లేదా పైలట్ చేత్తో మీట నొక్కి దించాలి.

ట్రిపుల్ఈ మూడో సంవత్సరం: 5 కేవీఏ అయినా కెప్టెన్ ముందున్న తెరలు, ఒక రేడియో, ముఖ్యమైన ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్లు నడుస్తాయి కదా సార్. అంతకంటే ఇంకేం కావాలి?

హ్యాంగర్ మనిషి: ఆ "ముఖ్యమైన" అన్న మాట దగ్గరే మీ వాదన జారుతోంది. అత్యవసర విద్యుత్ స్థితిలోకి వెళ్లగానే కంప్యూటర్లు కంట్రోళ్లను నడిపే పద్ధతి "నార్మల్ లా" నుంచి "ఆల్టర్నేట్ లా"కు దిగిపోతుంది. నార్మల్ లాలో పైలట్ సైడ్‌స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగినా కంప్యూటర్లు రెక్కను స్టాల్ కానివ్వవు, అంటే విమానాన్ని ఎత్తి ఉంచే బలం పోనివ్వవు, ఆల్టర్నేట్ లాలో ఆ కాపలా ఉండదు. ఆ రోజు చివరి క్షణాల్లో కెప్టెన్ స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగే ఉంచారు, విమానం నీటిని తాకినప్పుడు వేగం దాదాపు 125 నాట్లు. ముందుకు తోసే థ్రస్ట్ లేని విమానాన్ని అంత తక్కువ వేగంలో, ముక్కు ఎత్తి, కంప్యూటర్ కాపలా లేకుండా నీటిమీదికి దించి ఉంటే ఏమయ్యేదో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తన నివేదికలో ఏపీయూను ముందే స్టార్ట్ చేయడం కీలకమని, అది లేకపోతే విమానం నార్మల్ లాలో నిలిచేది కాదని స్పష్టంగా రాసింది.

మరొక అంకె కూడా గమనించండి. ఎ320లో ర్యాట్‌ను నమ్ముకుని ఎగిరేటప్పుడు నిలుపుకోవలసిన కనీస వేగం 140 నాట్లు. విమానం నెమ్మదించే కొద్దీ ర్యాట్ రెక్కలను తిప్పే గాలి తగ్గుతుంది, అంటే మనకు నియంత్రణ ఎక్కువగా అవసరమయ్యే చివరి నిమిషంలోనే ఈ మూలం బలహీనపడుతుంది. 1983లో కెనడాలోని గిమ్లీలో ఇంధనం అయిపోయి దిగిన 767లో ఇదే జరిగింది: అక్కడ ర్యాట్ హైడ్రాలిక్ ఒత్తిడి ఇచ్చింది, వేగం తగ్గిన కొద్దీ ఆ ఒత్తిడీ తగ్గి కంట్రోళ్లు బరువెక్కాయి.

కిటికీ పక్క సీటు: మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. పోయిన నెల విజయవాడ నుంచి ఢిల్లీ వెళ్లేటప్పుడు, విమానాన్ని వెనక్కి నెట్టిన కాసేపటికి లోపల దీపాలన్నీ ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలిగాయి, చల్లగాలి కూడా ఆగిపోయింది. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మీరు చెబుతున్న ర్యాట్ అప్పుడు బయటికి వచ్చినట్టా?

హ్యాంగర్ మనిషి: కాదండీ, భయపడవలసింది ఏమీ లేదు. నేల మీద ఉన్నప్పుడు 100 నాట్ల షరతే నెరవేరదు. అప్పటి దాకా ఏపీయూ ఇస్తున్న కరెంటు బాధ్యతను స్టార్ట్ అయిన ఇంజిన్ జనరేటర్ తీసుకుంటుంది; ఈ విమానంలో రెండు జనరేటర్లను ఒకే బస్సుకు జోడించరు కాబట్టి ఆ మార్పిడిలో రెప్పపాటు ఖాళీ వస్తుంది. చల్లగాలి ఆగడానికి కారణం ఏపీయూ గాలి మొత్తం ఇంజిన్ స్టార్ట్‌కు మళ్లడం.

దిగిపోయిన కెప్టెన్: ఇంజినీరు గారు చెప్పినదాంట్లో చాలా భాగం ఒప్పుకుంటూనే ఒక అభ్యంతరం పెడతాను. ఏపీయూను దేవుడిలా చూడకండి. అది కూడా రెక్కల ట్యాంకుల్లోని ఇంధనంతోనే నడిచే చిన్న టర్బైను. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ ఎ330లో లీకేజీ వల్ల ఇంధనం మొత్తం అయిపోయి, ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. అక్కడ ఏపీయూ మీట ఎన్నిసార్లు నొక్కినా ఉపయోగం ఉండేది కాదు. విమానం ర్యాట్ మీదే దాదాపు 19 నిమిషాలు గ్లైడ్ చేసి అజోర్స్ దీవుల్లోని లాజెస్‌లో దిగింది, 306 మందీ బతికారు. కాబట్టి హడ్సన్ మీద సరైన నిర్ణయం ప్రతిచోటా సరైనది కాదు. ఇంజిన్లు ఎందుకు పోయాయి అన్నదాన్ని బట్టి ఏది నమ్ముకోవాలో మారుతుంది.

హడ్సన్‌లో ట్యాంకుల్లో కావలసినంత ఇంధనం ఉంది, ఎత్తు దాదాపు 2,800 అడుగులే. ఆ పరిస్థితికి రాసిన చెక్‌లిస్టే లేదు. వాళ్లు తెరిచిన డ్యూయల్ ఇంజిన్ ఫెయిల్యూర్ చెక్‌లిస్టు 20,000 అడుగుల పైన జరిగే సంఘటనను మనసులో పెట్టుకుని రాసినది. మూడు భాగాల్లో మొదటిదే పూర్తయ్యేలోపు నది వచ్చేసింది. వరుస ప్రకారం పోయి ఉంటే ఏపీయూ దాకా చేరేవారే కాదు.

హ్యాంగర్ మనిషి: ఇంధనం విషయంలో కెప్టెన్ గారి మాటతో నాకు పేచీ లేదు. నేను ఆయన మాటకు మరొకటి జోడిస్తాను, నిజానికి అసలు జవాబు ఇదేనని నా అభిప్రాయం. ఎ320లో ప్రధాన జనరేటర్లు రెండూ పోయి అత్యవసర స్థితి ఏర్పడితే, ఏపీయూను స్టార్ట్ చేయడానికి 45 సెకన్లు ఆగాలి. ఆ వ్యవధిలో అత్యవసర జనరేటర్ లైన్‌లోకి రావాలి. అదే సమయంలో స్టార్టర్ బ్యాటరీలను లాగితే ఆ పని చెడుతుంది. ఏపీయూ పూర్తి వేగం అందుకోవడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. రెండూ కలిపి చూడండి, మూడున్నర నిమిషాల్లో సగం దాకా హరించుకుపోతుంది. కాక్‌పిట్ రికార్డింగులో పక్షుల దెబ్బ 15:27:11కు, ఏపీయూ స్టార్ట్ చేస్తున్నానన్న మాట దానికి సుమారు పది సెకన్ల తర్వాత వినిపిస్తాయి. ఇంజిన్ జనరేటర్లు ఇంకా పూర్తిగా జారకముందే నొక్కేశారు కాబట్టి ఆ నిరీక్షణ తప్పింది.

ట్రిపుల్ఈ మూడో సంవత్సరం: 45 సెకన్ల సంగతి నాకు తెలియదు, ఆ మేరకు నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం మిగిలింది. ఆ రోజు ఇంజిన్లు పూర్తిగా నిశ్చలం కాలేదు, థ్రస్ట్ దాదాపు మొత్తం పోయినా లోపల తిరుగుతూనే ఉన్నాయి. వాటి జనరేటర్లు ఎంత సేపు నిలిచి ఉండేవో లెక్క తేలకుండా, ఏపీయూ వల్లే కాపాడబడ్డామని అంత గట్టిగా ఎలా అనగలం?

దిగిపోయిన కెప్టెన్: న్యాయమైన ప్రశ్న. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి ఆ లెక్క దొరకదు. ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయడానికి దాని మాస్టర్ స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేసే ప్రయత్నమే మిగిలిన ఆ కాస్త తిరుగుడునూ తగ్గించవచ్చు. అందుకే ముందు ఏపీయూ, తర్వాత రీస్టార్ట్ అన్న వరుస నాకు నచ్చుతుంది.

గోదావరి గట్టు: మరి అహ్మదాబాద్‌లో 787 కూలిన రోజు ర్యాట్ బయటికి వచ్చినట్టు సీసీటీవీలో కనిపించిందన్నారు కదా. అది ఎందుకు కాపాడలేకపోయింది?

హ్యాంగర్ మనిషి: ర్యాట్ థ్రస్ట్ ఇవ్వదు, అది కరెంటునూ హైడ్రాలిక్ ఒత్తిడినీ మాత్రమే ఇస్తుంది. 2025 జూన్ 12న ఆ విమానం అప్పుడే నేలను వదిలింది. గ్లైడ్ చేయడానికి ఎత్తూ లేదు, ఎదురుగా ఖాళీ స్థలమూ లేదు. ఎందుకు జరిగిందన్న వాదన ఇక్కడ పెట్టవద్దని మనవి. ఈ చర్చకు పనికొచ్చే విషయం ఒకటే: 787లో కరెంటు మూలాలన్నీ పోతే ఏపీయూ దానంతటదే స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంది, ప్రాథమిక నివేదికలో కూడా ఏపీయూ గాలి తలుపు తెరుచుకోవడం మొదలైందని ఉంది. ఎ320లో ఆ పని పైలట్ వేలు చేయాలి.

కొత్త రెక్కలు: అయితే ఎ320లో కూడా దాన్ని ఆటోమేటిక్ చేసి ఉంటే సరిపోయేది కదా?

దిగిపోయిన కెప్టెన్: నేను ఔనంటాను. ఆ పది సెకన్లలో అందరికీ ఆ ఆలోచన రాదు, నాకూ వచ్చేదని ఒట్టు వేసి చెప్పలేను.

హ్యాంగర్ మనిషి: నేను వెంటనే ఔననలేను. ఎయిర్ ట్రాన్సాట్ లాంటి ఖాళీ ట్యాంకుల పరిస్థితిలో అదే ఆటోమేటిక్ ఏర్పాటు ఇంధనం లేని టర్బైనును తిప్పుతూ, ర్యాట్ అందుకునే లోపు మోయవలసిన బ్యాటరీలను తాగేస్తుంది. ట్యాంకులో ఇంధనం ఉందో లేదో చూసి నిర్ణయించేలా చేయవచ్చు అంటారేమో, కానీ లీకేజీ జరుగుతున్నప్పుడు పైలట్లు మొదట నమ్మలేకపోయింది ఆ ఇంధనం అంకెనే.