చిన్నది చేశాక షార్పెన్: రేడియస్ 3 పెడితే అంచు చుట్టూ తెల్ల గీత ఎందుకు వస్తోంది?

ఇక్కత్_లావణ్య
మేం పోచంపల్లి చీరలు అమ్ముతాం. కెమెరాలో ఫోటో 6000×4000 వస్తుంది. జింప్‌లో 1200×800కి తగ్గించి సైట్‌లో పెడుతున్నాను. తగ్గించగానే నేత మసకబారినట్టు అవుతోంది. పదును కోసం అన్‌షార్ప్ మాస్క్ వేస్తే డిజైన్ అంచుల వెంట తెల్లగా గీత వస్తోంది. అందులో ముందే ఉన్న అంకెలు మార్చలేదు, రేడియస్ 3, అమౌంట్ 0.5. రేడియస్ ఎంత పెట్టాలి, అమౌంట్ ఎంత పెట్టాలి? ఇది తగ్గించే ముందు వేయాలా, తర్వాత వేయాలా?

కిరణ్_క్లిక్స్
ఫోకస్ తప్పి ఉంటుంది. ట్రైపాడ్ వాడండి, షట్టర్ స్పీడ్ పెంచండి. మసక ఫోటోని ఏ ఫిల్టరూ బాగుచెయ్యదు.

ఇక్కత్_లావణ్య
ఫోకస్ బాగానే ఉందండీ. పెద్ద ఫోటోని 100%లో చూస్తే పోగులు లెక్కపెట్టొచ్చు. తగ్గించాకే ఈ బాధ.

పిక్సెల్_పంతులు
తర్వాతే వేయాలి. 6000 నుంచి 1200 అంటే అయిదో వంతు. పాతికేసి పిక్సెల్స్ కలిసి ఒక్కటవుతాయి. పెద్ద ఫోటోలో రేడియస్ 1తో మీరు ఎంత పదును పెట్టినా, ఆ గీత చిన్న ఫోటోకి వచ్చేసరికి పిక్సెల్‌లో అయిదో వంతు. పక్క పిక్సెల్స్‌తో కలిసిపోయి పోతుంది. మసక పుట్టేది తగ్గించినప్పుడు, కాబట్టి మందు కూడా అక్కడే వేయాలి.

తెల్ల గీత సంగతి. జింప్‌లో ఆ 3 చిన్న ఫోటో కోసం పెట్టింది కాదు. ఒక అంచు తీసుకుని లెక్క వేద్దాం. ముదురు వైపు వెలుగు 100, లేత వైపు 160, మధ్యలో ఒక్క పిక్సెల్ 130. రేడియస్ 3, అమౌంట్ 0.5 పెడితే ముదురు వైపు అంచుని ఆనుకున్న పిక్సెల్ 100 నుంచి 89కి దిగుతుంది. దాని వెనక ఉన్నవి వరసగా 92, 95, 97. లేత వైపు ఇదే తిరగేసి 171, 168, 165, 163. అంటే నాలుగు పిక్సెల్స్ వెడల్పున ఒక తెల్ల పట్టీ. మీకు కనిపిస్తున్న గీత అదే.

ఇప్పుడు అదే అంచుకి రేడియస్ 0.6, అమౌంట్ 1.0 పెట్టండి. ఒక వైపు 95, ఇంకో వైపు 165. అంతే, ఆ వెనక పిక్సెల్ దాదాపు కదలదు. అమౌంట్ 2కి పెంచినా 90, 170 అవుతాయి గానీ వెడల్పు మాత్రం ఒక్క పిక్సెలే. ఒక్క పిక్సెల్ వెడల్పుంటే కంటికి గీతలా కాదు, పదునులా అనిపిస్తుంది. ముందు రేడియస్ 0.5, 0.6 దగ్గర కట్టేసి, ఆ తర్వాత అమౌంట్ ఒక్కటే అటూ ఇటూ జరిపి చూడండి. చూసేటప్పుడు జూమ్ 100%లోనే ఉండాలి.

స్టూడియో_సత్యం
నాకు ఇరవై రెండేళ్ళ స్టూడియో అనుభవం. రేడియస్ 2, అమౌంట్ 120 శాతం. పెళ్ళి ఆల్బమ్ అయినా, ఫ్రేము కట్టే ఫోటో అయినా అదే. 0.6 పెడితే వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. లావణ్య గారూ, కంప్యూటర్ దగ్గర కూర్చుని పిక్సెల్స్ లెక్కపెట్టుకునేవాళ్ళ మాట వింటే మీ చీరలు మబ్బు పట్టినట్టే ఉంటాయి.

పిక్సెల్_పంతులు
సత్యం గారూ, ఆల్బమ్ ప్రింటుకి రేడియస్ 2 సరే. 300 డీపీఐలో రెండు పిక్సెల్స్ అంటే కాగితం మీద చాలా సన్నం, పైగా ఇంకు కాస్త పాకుతుంది. ఆవిడ అడిగింది స్క్రీన్ మీద 1200 పిక్సెల్స్ ఫోటో గురించి. ఇది ప్రింటు కాదు.

స్టూడియో_సత్యం
స్క్రీన్ మీదా చూశాను తమ్ముడూ. నాకు కళ్ళున్నాయి. తెల్ల గీత నాకెప్పుడూ కనపడలేదు.

పిక్సెల్_పంతులు
మీరు ఏ జూమ్‌లో చూస్తున్నారో చెప్పండి.

స్టూడియో_సత్యం
ఫోటో మొత్తం స్క్రీన్‌లో పట్టేలా. మనుషులు అలాగే చూస్తారు.

వెంకట్_జూబ్లీ
పాప్‌కార్న్ తెచ్చుకుంటా

గొడవెందుకు_గిరి
లావణ్య గారూ, ఇంకొక సంగతి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తగ్గించే పద్ధతిలోనే షార్పర్ అని ఒకటి ఉంటుంది. దానితో తగ్గించి మళ్ళీ అన్‌షార్ప్ వేస్తే పదును మీద పదును. నేను కొన్నాళ్ళు అది తెలియక మా అమ్మాయి జుట్టంతా ఇనప తీగల్లా చేశాను.

ఇక్కత్_లావణ్య
జింప్‌లో `Cubic` ఉంది, దానితోనే తగ్గిస్తున్నాను. పంతులు గారు చెప్పినట్టు 0.6, 1.0 వేసి చూశాను. తెల్ల గీత పోయింది. కానీ నిజం చెప్పాలంటే ఫోన్‌లో చూస్తే 3 పెట్టిందే కాస్త కొట్టొచ్చినట్టు ఉంది. ఇక్కడే నాకు అయోమయం.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇక్కత్‌లో నూలుని ముందే ముడి వేసి రంగు అద్ది తర్వాత నేస్తారు, అందుకే డిజైన్ అంచు ఎప్పుడూ ఈకలా కాస్త చెదిరి ఉంటుంది. రేడియస్ 3 పెట్టిన ఫోటోలో ఆ ఈకలన్నీ గట్టిపడి గీత గీసినట్టయ్యాయి. ఒక కస్టమర్ చీర చేరకముందే ఫోన్ చేసి "ఇది ప్రింటు చీర కదా, ఇక్కత్ అని అమ్ముతున్నారేంటి" అన్నారు. ఆవిడని నమ్మించడానికి చీర తిరగేసి వెనక వైపు వీడియో తీసి పంపాల్సి వచ్చింది.

స్టూడియో_సత్యం
చూశారా, ఫోన్‌లో పెద్ద రేడియస్సే బాగుందని ఆవిడే అంటోంది.

పిక్సెల్_పంతులు
ప్రింటు చీర అన్నారని కూడా ఆవిడే అంటోంది. మీకు కావలసిన సగమే చదువుతారా?

స్టూడియో_సత్యం
నువ్వు నాకు చదవడం నేర్పకు. అసలు సంగతి విను. పోయినేడాది ఇలాంటి ఫోరమ్‌లోనే ఎవరో 0.5 పెట్టమంటే నమ్మి, ఒక పెళ్ళి ఫోటోలన్నిటికీ అదే పెట్టి లింకు పంపాను. పెళ్ళికూతురి తండ్రి ఫోన్‌లో చూసి అన్నీ మసకగా ఉన్నాయని ఆఖరి వాయిదా ఆపేశాడు. రెండు నెలలు తిరిగాను. అదే ఫోటోలకి రేడియస్ 2 వేసి మళ్ళీ పంపితే "ఇప్పుడు బాగున్నాయి" అని డబ్బులిచ్చాడు. నీ లెక్కలు నా కరెంటు బిల్లు కడతాయా?

పిక్సెల్_పంతులు
ఆగండి. మీరు పంపిన ఫోటోలు ఎన్ని పిక్సెల్స్?

స్టూడియో_సత్యం
4500 వెడల్పు. ఫుల్ సైజు ఇవ్వకపోతే కస్టమర్ ఊరుకోడు.

పిక్సెల్_పంతులు
అదీ సంగతి. ఆయన ఫోన్ స్క్రీన్ వెడల్పు 1080 పిక్సెల్స్ అనుకోండి. మీ 4500ని ఫోన్ తనంతట తనే నాలుగు రెట్లకి పైగా తగ్గించి చూపిస్తుంది. మీరు వేసిన రేడియస్ 0.5 అక్కడ 0.12కి పడిపోయింది, ఆయనకి మసకగానే కనపడుతుంది. రేడియస్ 2 వేసినప్పుడు అదే ఫోన్‌లో దాదాపు 0.5 అయింది. ఆయన కంటికి అందిన పదును నేను చెబుతున్న అంకే. మీ స్టూడియో మానిటర్ సంగతీ ఇదే. ఫోటో మొత్తం పట్టేలా తగ్గించి చూస్తారు కాబట్టి తెల్ల గీత అందులో కలిసిపోతుంది.

మీకు 0.5 చెప్పినవాడు ఎంత సైజు ఫోటోకో చెప్పలేదు, మీరూ అడగలేదు. ఇంతసేపూ నేనూ అడగలేదు, అది నా తప్పే.

స్టూడియో_సత్యం
అంటే నేను చేసింది కరెక్టేనన్నమాట.

పిక్సెల్_పంతులు
మీ 4500 ఫోటోకి కరెక్టు. ఆవిడ 1200 ఫోటోకి అదే అంకె చెప్పడం తప్పు.

స్టూడియో_సత్యం
ఆవిడ కస్టమర్లు కూడా ఆ 1200 ఫోటోని 1200గా చూడరు కదా! చీరల పేజీలో వరసకి నాలుగు చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. అక్కడ బ్రౌజర్ మళ్ళీ తగ్గించదా? ఏ సైజులో చూస్తారో తెలియనప్పుడు నీ 0.6 ఎవరి కోసం? నా గొడవ మొదట్నుంచీ ఇదే. నువ్వు ఫైలుని చూస్తున్నావు, నేను చూసేవాణ్ణి చూస్తున్నాను.

పిక్సెల్_పంతులు
ఈ మాట మొదట్లోనే అని ఉంటే సగం గొడవ తప్పేది. ప్రశ్న న్యాయమైనదే. 1200 ఫోటోని బ్రౌజర్ 300కి కుదిస్తే నా ఒక్క పిక్సెల్ పదును పోతుంది, నిజమే. లావణ్య గారికి ఫోన్‌లో 3 కొట్టొచ్చినట్టు కనిపించడానికీ అదే కారణం అయి ఉండొచ్చు. కానీ దానికి మందు రేడియస్ పెంచడం కాదు, 300 ఫోటోని విడిగా చేయడం. అసలు ఫోటో నుంచి నేరుగా 300కి ఒకటి, 1200కి ఒకటి తగ్గించి దేనికది షార్పెన్ చేయాలి. ఒకే ఫైలుతో రెండు చోట్లా గెలవాలంటే ఎక్కడో ఒక చోట ఈకలు గట్టిపడతాయి.

స్టూడియో_సత్యం
మూడొందల చీరలకి రెండేసి ఫైళ్ళు. ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక.

టెర్మినల్_శీను
చేత్తో ఎవరు చేస్తారన్నా. ఇమేజ్‌మ్యాజిక్‌లో రెండు లైన్లు:

```
magick chira.jpg -resize 1200x -unsharp 0x0.6+1.0+0.01 pedda.jpg
magick chira.jpg -resize 300x -unsharp 0x0.5+0.8+0.01 chinna.jpg
```

`x` తర్వాత ఉన్న 0.6, 0.5లే జింప్‌లో రేడియస్‌కి సమానం. ముందున్న 0ని అలాగే ఉంచండి, ఎంత మేర చూడాలో అదే తేల్చుకుంటుంది. `-unsharp 0.6` అని మాత్రమే కొడితే దాన్ని వేరే అంకెగా తీసుకుని అసలు రేడియస్ తనంతట తను 1.0 పెట్టేస్తుంది. నాకు ఇది తెలియడానికి చాలా రోజులు పట్టింది. చివరి 0.01 థ్రెషోల్డ్, దానివల్ల సాదా రంగు ఉన్న చోట గరుకు పెరగదు. `-resize` ముందే ఉండాలి, రాసిన వరసలోనే పని జరుగుతుంది.

ఇక్కత్_లావణ్య
థాంక్స్ శీను గారూ, మా తమ్ముడి చేత చేయించాను. చిన్న బొమ్మలు ఇప్పుడు బాగున్నాయి, సత్యం గారు చెప్పిన ఇబ్బంది నిజంగానే అక్కడ ఉండింది. పెద్ద ఫోటోలో ఇక్కత్ ఈకలు ఈకల్లాగే ఉన్నాయి.

కానీ జరీ అంచు దగ్గర ఇంకో తంటా. 1200లో జరీ మీద చీమలు బారు కట్టినట్టు చుక్కలు, అడ్డంగా అలలు. అమౌంట్ 1.0 నుంచి 0.6కి తగ్గిస్తే కొంచెం తగ్గాయి గానీ పోలేదు.

పిక్సెల్_పంతులు
అన్‌షార్ప్ తీసేసి, కేవలం తగ్గించిన ఫోటోని 100%లో చూడండి. అలలు అందులోనే ఉంటే తప్పు షార్పెన్‌ది కాదు. జరీ పోగుల వరస కొత్త పిక్సెల్స్ వరస కంటే సన్నగా ఉంటే తగ్గించినప్పుడే అలలు పుడతాయి, షార్పెన్ వాటిని పైకి తెస్తుంది అంతే. అప్పుడు తగ్గించే ముందు జరీ అంచు వరకూ సెలెక్ట్ చేసి కాస్త బ్లర్ వేయాలి.

స్టూడియో_సత్యం
జరీకి బ్లర్ వేయమంటున్నాడు చూడండి. జరీ మెరవకపోతే చీర ఎవరు కొంటారమ్మా?

ఇక్కత్_లావణ్య
చూశానండీ. అన్‌షార్ప్ లేకుండానే అలలు ఉన్నాయి. కానీ సత్యం గారి మాట కూడా... బ్లర్ వేస్తే జరీ పసుపు రిబ్బన్‌లా అయిపోయింది. ప్రస్తుతానికి అంచుని విడిగా దగ్గర నుంచి ఇంకో ఫోటో తీసి పక్కన పెడుతున్నాను.