కార్డు బాకీ ముందా, సిప్ ముందా? వెయ్యి రూపాయల లెక్క

నెలజీతం:
క్రెడిట్ కార్డు మీద 1,20,000 బాకీ పేరుకుపోయింది. వడ్డీ నెలకు 3.5 శాతం అని స్టేట్‌మెంట్‌లో ఉంది. ఇంటి ఖర్చులన్నీ పోగా నెలకు 12,000 మిగులుతుంది. మొత్తం కార్డుకే కట్టాలా? 7,000 కార్డుకి కట్టి, 5,000తో సిప్ మొదలుపెట్టాలా? ఆఫీసులో అందరూ సిప్ ఆలస్యం చేస్తే నష్టపోతావు అంటున్నారు. రెండింటినీ పోల్చుకునే తేలిక లెక్క ఉంటే చెప్పండి.

సిప్_శ్రీను:
రెండూ చెయ్యండి బ్రదర్. సిప్‌లో ముందు పెట్టిన డబ్బే ఎక్కువ పెరుగుతుంది. నెలకు 5,000 అంటే ఏడాదికి 60,000. అది 12 శాతం చొప్పున 25 ఏళ్ళలో పది లక్షలు దాటుతుంది. ఈ ఏడాది ఆపేస్తే ఆ పది లక్షలూ పోయినట్టే. కార్డుది ఎలాగూ నెలనెలా తగ్గుతూనే ఉంటుంది కదా.

పద్దుపుస్తకం:
శ్రీను గారూ, 25 ఏళ్ళ గుణకారం సరైనదే. కానీ కార్డు వైపు లెక్క మీరు వేయలేదు. అది కూడా వేద్దాం.

స్టేట్‌మెంట్‌లో 3.5 శాతం అని ఉన్నా, మన జేబులోంచి పోయేది అంతకంటే ఎక్కువ. కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. 3.5ను 1.18తో గుణిస్తే 4.13. అంటే ఈ నెల కార్డుకి అదనంగా వెయ్యి కడితే వచ్చే నెల 41 రూపాయల 30 పైసలు మిగులుతుంది. మార్కెట్ పెరిగినా పడినా ఆ మిగులు ఖాయం. అదే వెయ్యి 12 శాతం వచ్చే ఫండ్‌లో పెడితే నెలకు సుమారు 10 రూపాయలు రావచ్చు, రాకపోనూ వచ్చు. మీరు అడిగిన తేలిక లెక్క ఇదే. ఏ అప్పైనా, ఏ పెట్టుబడైనా సరే, వెయ్యి రూపాయలకు నెలకు ఎంత అన్న ఒక్క ప్రశ్నకు దించి పక్కపక్కన పెట్టండి. ఏడాది శాతాలూ నెల శాతాలూ కలిపి చూస్తే 3.5 కన్నా 12 పెద్దదిగా కనిపిస్తుంది. చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే.

ఇక మీ అంకెలు. మొదటి నెల 1,20,000 మీద వడ్డీ, జీఎస్‌టీ కలిపి 4,956. మీరు 7,000 కడితే అసలులోంచి తగ్గేది 2,044 మాత్రమే. 12,000 కడితే 7,044 తగ్గుతుంది. ఎన్ని నెలలు పడుతుందో స్ప్రెడ్‌షీట్‌లో ఇలా కొట్టి చూడండి:

```
=NPER(4.13%,-12000,120000)
=NPER(4.13%,-7000,120000)
```

మొదటిదానికి 13.16 వస్తుంది, అంటే 14వ నెలలో చిన్న మొత్తంతో ముగుస్తుంది. వడ్డీ మొత్తం సుమారు 38,000. రెండోదానికి 30.42 వస్తుంది, అంటే 31 నెలలు. వడ్డీ సుమారు 93,000. మధ్యలో కార్డు గీకకుండా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది.

రెండు దారులనూ 31వ నెల చివర ఆపి చూద్దాం. రెండింట్లోనూ జేబులోంచి పోయింది నెలకు అదే 12,000. ఫండ్ ప్రతి నెలా ఒక శాతం ఇచ్చిందనే అనుకుందాం. 7,000 + 5,000 దారిలో చేతిలో ఉండేది 1,84,700. ముందు కార్డు తీర్చి, 14వ నెల నుంచి మిగిలినదంతా సిప్‌లో పెట్టిన దారిలో 2,33,000. తేడా 48,000. మీ పది లక్షల లెక్కలాగే ఈ 48,000ను కూడా 25 ఏళ్ళు ఉంచితే ఎనిమిది లక్షలవుతుంది. చక్రవడ్డీ మీ ఒక్క వైపే పనిచేయదు కదా.

సిప్_శ్రీను:
12 శాతం సగటు మాత్రమే. 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. ఏడాది తిరిగేసరికి దాదాపు రెట్టింపు. అలాంటి ఏడాదిలో కార్డు వడ్డీని కూడా దాటేస్తుంది.

పద్దుపుస్తకం:
దాటుతుంది, నిజమే. నెలకు 4.13 అంటే చక్రవడ్డీతో ఏడాదికి 62 శాతం పైమాట, ఆ ఏడాది దాన్ని దాటింది. కానీ అదే నిఫ్టీ ఆ రోజుకు ముందు రెండు నెలల్లో 12,300 పైనుంచి పడి అక్కడికి వచ్చింది. అట్టడుగు రోజు ఏదో ముందే తెలిసి, ఆ రోజే మొత్తం డబ్బు పెట్టినవాళ్ళకు వచ్చిన లాభం అది. సిప్‌లో నెలకో ముక్క వెళుతుంది. చివరి నెలల్లో పెట్టిన ముక్కలకు ఆ పెరుగుదలలో దక్కేది కొంచెమే.

మీ మాటలో నేను ఒప్పుకునేది ఒకటుంది. 14వ నెలలో కార్డు తీరాక ఆ 12,000 సిప్‌లోకి వెళ్ళకుండా ఖర్చయిపోతే నా 2,33,000 కాగితం మీదే మిగులుతుంది. అందుకే సిప్ ఆటో డెబిట్ అనుమతి ఇప్పుడే ఇచ్చి, మొదటి వాయిదా తేదీని 15వ నెలకు పెట్టుకునే వీలు మీ ఫండ్ యాప్‌లో ఉందేమో చూడండి.

బెజవాడ_లక్ష్మి:
నాదో సందేహం. లక్ష రూపాయల చీటీ కడుతున్నాను, 20 నెలలది. 8 నెలలు అయ్యాయి, ఇంకా పాడలేదు. నాకూ కార్డు మీద 90 వేలు ఉంది, వడ్డీ అదే 3.5. చీటీ చివరిదాకా ఉంచితే లాభమని మా అత్తయ్య అంటారు. ఇప్పుడు పాడితే 18 వేలు పోయేలా ఉంది. చీటీని కూడా సిప్‌లాగే చూడాలా?

పద్దుపుస్తకం:
లక్ష్మి గారూ, మీ ప్రశ్న వేరు, కానీ లెక్క అదే. ఇప్పుడు పాడితే చేతికి 82,000. చివరిదాకా ఆగితే ఇంకో 12 నెలలకు సుమారు లక్ష, నిర్వాహకుల కమీషన్ తేడా పక్కన పెడితే. మిగిలిన వాయిదాలు రెండు విధాలా కట్టాల్సిందే, కాబట్టి వాటిని లెక్కలోకి తేనక్కర్లేదు. 82,000 ఏడాదికి లక్ష అవుతుందంటే సుమారు 22 శాతం. వెయ్యికి నెలకు 17 రూపాయల లోపే. కార్డు వెయ్యికి 41 తింటోంది. మీ అత్తయ్యగారి మాట అప్పు లేనివాళ్ళకు సరైనదే. కార్డు బాకీ ఉన్నప్పుడు ఇప్పుడు పాడుకోవడమే మేలు.

అయితే రెండు జాగ్రత్తలు. పాడిన చీటీకి జామీను అడుగుతారు, అది దొరక్క డబ్బు ఆలస్యమైతే ఆ నెలలన్నీ కార్డు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పాటకు ముందే జామీను సిద్ధం చేసుకోండి. రెండోది, పోటీ పెరిగి పాట 35,000 దాకా వెళ్ళితే చేతికొచ్చేది 65,000. అది ఏడాదికి 54 శాతం ఖరీదు. దాదాపు కార్డంత అయిపోతుంది, అప్పుడు ఆ నెల వదిలేయండి.

లోన్_డెస్క్:
అసలు ప్రశ్నకు మూడో దారి ఎవరూ చెప్పలేదు. 14 నెలలు 4.13 శాతం ఎందుకు మోయాలి? జీతం స్లిప్పులున్నవారికి 15 శాతానికి పర్సనల్ లోన్ దొరికితే 1,20,000కు ఏడాది వాయిదా నెలకు 10,831. మీ 12,000లో సరిపోతుంది. మొత్తం వడ్డీ పదివేల లోపు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్‌టీ కలిపితే 2,832. అంటే 38,000 బదులు 13,000 లోపు ఖర్చు. పర్సనల్ లోన్ వడ్డీ మీద జీఎస్‌టీ ఉండదు. కార్డు బాకీని కార్డు కంపెనీ దగ్గరే ఈఎంఐగా మార్చుకుంటే మాత్రం ఆ వడ్డీ మీద జీఎస్‌టీ పడుతుంది. ఫోన్‌లో 16 శాతం అని చెబితే 1.18తో గుణించి చూడండి, దాదాపు 19.

ఇది చెడిపోయేది ఒక్కచోటే. లోన్‌తో కార్డు సున్నా అవుతుంది, లిమిట్ మళ్ళీ ఖాళీగా కనిపిస్తుంది, ఆరు నెలల్లో దాన్ని మళ్ళీ నింపేస్తారు. అప్పుడు రెండు అప్పులు. లోన్ వచ్చిన రోజే కార్డు యాప్‌లో లిమిట్ తగ్గించుకోండి, ఆన్‌లైన్ వాడకం ఆపేయండి.

పద్దుపుస్తకం:
ఒప్పుకుంటున్నాను, లోన్ దొరికితే అదే ముందు. ఆ తర్వాత సిప్‌తో పోలిక వెయ్యికి 12.50కి, 10కి మధ్య అవుతుంది. అప్పుడు శ్రీను గారి వాదనకు కొంత బలం వస్తుంది. అయినా ఒకటి ఖాయం, రెండోది ఆశ. నేనైతే అప్పుడూ అప్పు వైపే ఉంటాను.

నెలజీతం:
లోన్‌కి అప్లై చేస్తాను. ఒకవేళ రాకపోతే 12,000 మొత్తం కార్డుకే పెట్టాలా? చేతిలో ఒక్క రూపాయి లేకుండా ఉండాలంటే భయంగా ఉంది.

పద్దుపుస్తకం:
ముందు ఒక 15,000 పక్కన పెట్టుకోండి. దాని ఖరీదు నెలకు 620 రూపాయల వడ్డీ. ఇంటద్దె, ఊరి ప్రయాణం లాంటివాటికి అది కావాలి.

లోన్_డెస్క్:
ఇక్కడ నేను ఏకీభవించను. కార్డుకి కట్టిన డబ్బు లిమిట్‌గా తిరిగి దొరుకుతుంది. ఆసుపత్రిలో అదే కార్డు గీకవచ్చు. ఎప్పుడో వచ్చే ఖర్చు కోసం ఈ రోజు నుంచే 620 ఎందుకు కట్టాలి?

బెజవాడ_లక్ష్మి:
అద్దె ఇంటాయన కార్డు తీసుకోడు కదండీ. ఏటీఎంలో కార్డుతో తీస్తే ఫీజు వేరే, వడ్డీ ఆ రోజు నుంచే. బ్యాంకు చెప్పాపెట్టకుండా లిమిట్ కోసేస్తే?

లోన్_డెస్క్:
అది నిజమే. అయినా జీతం ఖాయంగా వచ్చేవారికి 5,000 చాలు అంటాను. వ్యాపారం చేసేవారికైతే 15,000 కూడా చాలదు.

పద్దుపుస్తకం:
ఎంత ఉంచాలో మీ ఇంటి సంగతి తెలిసినవారు మీరే, మా ఇద్దరి మధ్య ఏదైనా పెట్టుకోండి.

ఇంకో మాట, 14వ నెలలో ఉపయోగపడుతుంది. చివరి బిల్లు మొత్తం కట్టేశాక కూడా తర్వాతి బిల్లులో కొన్ని వందలు వడ్డీ కనిపిస్తుంది. బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా రోజుల లెక్కన పడిన వడ్డీ అది. మోసం కాదు. కానీ ‘కట్టేశాం కదా’ అని ఆ బిల్లు తెరవకపోతే లేటు ఫీజు పడి, క్రెడిట్ స్కోరు మీద మచ్చ పడుతుంది. కట్టిన తర్వాత ఇంకో రెండు బిల్లులు తెరిచి `Finance Charges` వరుస చూడండి. అక్కడ సున్నా వచ్చేదాకా ఆ కార్డు గీకవద్దు. పాత బాకీ కొంచెం మిగిలి ఉన్నా, కొత్తగా కొన్న పాల ప్యాకెట్టుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, 45 రోజుల గడువు వర్తించదు.

సిప్_శ్రీను:
ఆ చివరి సంగతి నాకు తెలియదు. బాకీ ఉంటే గడువు మొత్తానికే పోతుందా, కొత్త కొనుగోళ్ళకు కూడానా?

పద్దుపుస్తకం:
కొత్తవాటికి కూడా. మీ కార్డు నిబంధనల్లో వడ్డీ లెక్క ఉదాహరణ ఒకటి ఇచ్చి ఉంటారు, తేదీలతో సహా. అది ఒక్కసారి చదవండి.